ఎవరి కళ్ళ ముందు

లాస్ ఏంజెలెస్‌లో తక్కువ ఆదాయమున్న కుటుంబాల పిల్లలు ఎక్కువగా చదివే కొన్ని ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో, పదకొండో తరగతి విద్యార్థులకు ఒకరోజు తలా ఒక కాగితం పంచారు. అమెరికాలో కాలేజీ ప్రవేశానికి రాసే ఎస్.ఎ.టి. పరీక్షకు ఆన్‌లైన్‌లో శిక్షణ ఇస్తాం, పైసా కట్టనక్కర్లేదు, కావాలనుకున్నవాళ్ళు ఈ కాగితం మీద ఆ మాట రాసివ్వండి అన్నది అందులోని విషయం. కాగితాలన్నీ చూడడానికి ఒకేలా ఉన్నాయి కాని, ఒక్క వాక్యంలో చిన్న తేడా ఉంది. సగం కాగితాల మీద, మీ నిర్ణయాన్ని ఎవరికీ తెలియనివ్వం అని ఉంది. మిగతా సగం మీద, ఈ గదిలో ఉన్న విద్యార్థులకు తప్ప ఇంకెవరికీ తెలియనివ్వం అని ఉంది. ఏ కాగితం ఎవరికి దక్కిందన్నది చీటీలు తీసినట్టు జరిగింది. లియొనార్డో బర్స్‌టిన్, రాబర్ట్ జెన్సెన్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు చేసి 2015లో ప్రచురించిన ప్రయోగమిది. మామూలు తరగతుల్లో, గుట్టుగా ఉంచుతామన్న కాగితం అందుకున్నవాళ్ళలో నూటికి 72 మంది శిక్షణ కావాలన్నారు. గదిలోవాళ్ళకు తెలుస్తుందన్న కాగితం అందుకున్నవాళ్ళలో 61 మందే అడిగారు. శిక్షణ అదే, ఖర్చు లేదు, పిల్లల తెలివితేటల్లోనూ తేడా లేదు. తోటివాళ్ళకు తెలుస్తుందన్న ఒక్క ఊహకే నూటికి పదకొండు మంది తమకు మేలు చేసే వస్తువును వదులుకున్నారు.

ఇక్కడితో ఆపేస్తే ఇది మనకు తెలిసిన కథే అవుతుంది. స్నేహితులు పిల్లల్ని చెడగొడతారని పెద్దలు ఎప్పటినుంచో అంటున్నదే. కాని ఆ పాఠశాలల్లో ఇంకో రకం తరగతులు కూడా ఉన్నాయి. బాగా చదివేవాళ్ళ కోసం కొన్ని పాఠ్యాంశాలను ఎక్కువ లోతుగా చెప్పే ఆనర్స్ తరగతులవి. అక్కడ ఒకే విద్యార్థి లెక్కలకు ఆనర్స్ గదిలోను, చరిత్రకు మామూలు గదిలోను కూర్చోవచ్చు. ఇలా రెండు గదుల మధ్యా తిరిగే పిల్లల్ని పరిశోధకులు విడదీసి చూశారు. కాగితం పంచే సమయానికి వాళ్ళు మామూలు గదిలో ఉంటే, తోటివాళ్ళకు తెలుస్తుందన్న మాట శిక్షణ అడిగేవాళ్ళ సంఖ్యను నూటికి 25 తగ్గించింది. అదే సమయానికి ఆనర్స్ గదిలో ఉంటే, అదే మాట ఆ సంఖ్యను నూటికి 25 పెంచింది. అలాంటి పిల్లలే, అలాంటి పాఠశాలల్లోనే, ఆ గంటకు ఏ బెంచీ మీద కూర్చుని ఉన్నారన్నదాన్ని బట్టి రెండు వ్యతిరేక దిశల్లోకి నడిచారు. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నదంతా దాదాపుగా ఈ ప్రయోగంలోనే ఉంది. స్నేహితుల అభిప్రాయం టీనేజి పిల్లల నిర్ణయానికి బరువునిస్తుంది కాని, ఆ బరువు ఎటు మొగ్గాలో ముందే రాసిపెట్టి ఉండదు. చూసే కళ్ళు దేనికి విలువిస్తున్నాయని ఆ పిల్లవాడు అనుకుంటున్నాడో అటు మొగ్గుతుంది.

అంత బరువు ఎక్కడిది? పిల్లలకు ప్రమాదం తెలియదు కనక పక్కవాళ్ళు చెప్పినదానికి తలూపుతారు అన్నది ఎక్కువమంది ఇచ్చే జవాబు. దీన్ని పరీక్షించడానికి ఫిలడెల్ఫియాలోని టెంపుల్ విశ్వవిద్యాలయంలో లారెన్స్ స్టైన్‌బర్గ్ బృందం ఏళ్ళ తరబడి పనిచేసింది. వాళ్ళు వాడిన పరికరాల్లో ఒకటి కారు నడిపే వీడియో ఆట. నేరుగా పోయే రోడ్డు మీద ఇరవై కూడళ్ళుంటాయి. దగ్గరకు వచ్చేసరికి పసుపు దీపం వెలుగుతుంది. ఆపితే మూడు సెకన్లు పోతాయి. ఆపకుండా దూసుకుపోతే సమయం కలిసొస్తుంది, కాని అడ్డంగా ఇంకో కారు వచ్చి గుద్దుకుంటే ఆరు సెకన్లు పోతాయి. తొందరగా చేరితే ఎక్కువ డబ్బు. 2011లో ప్రచురించిన పరిశోధనలో జేసన్ చీన్, స్టైన్‌బర్గ్, మరికొందరు ఈ ఆటను మెదడు స్కానరులో పడుకోబెట్టి ఆడించారు. ఒకసారి ఒంటరిగాను, ఇంకోసారి వెంట తెచ్చుకున్న స్నేహితులు పక్క గదిలోంచి తెర మీద చూస్తుండగాను. ఒంటరిగా ఆడినప్పుడు 14–18 ఏళ్ళవాళ్ళు పెద్దవాళ్ళకంటే పెద్దగా తెగించలేదు. స్నేహితులు చూస్తున్నప్పుడు మాత్రం టీనేజి పిల్లలు మరిన్ని కూడళ్ళను ఆగకుండా దాటారు, మరిన్నిసార్లు గుద్దుకున్నారు. 24 ఏళ్ళు దాటినవాళ్ళ ఆట స్నేహితులు చూస్తున్నా చూడకున్నా ఒకేలా సాగింది.

స్కానరు చూపించిన సంగతి ఇంకా ముఖ్యం. స్నేహితులు చూస్తుండగా టీనేజి పిల్లల మెదడులో ఎక్కువ చురుకెక్కినవి వెంట్రల్ స్ట్రయేటం అనే లోపలి భాగం, దానితో ముడిపడి పనిచేసే నుదుటి వెనకటి దిగువ పొర. రుచైన తిండి దొరకబోతున్నప్పుడు, డబ్బు గెలవబోతున్నప్పుడు ఉత్సాహపడే చోట్లివి. ప్రతిఫలం ఎంతో లెక్కగట్టే యంత్రాంగం అనుకోవచ్చు. మనసును అదుపులో పెట్టే మెదడు ముందుభాగపు పక్క పొరలు పెద్దవాళ్ళలో గట్టిగా పనిచేశాయి. కాని అక్కడి పనిలో స్నేహితుల రాకతో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అంటే స్నేహితులు వచ్చి బ్రేకులు పీకేయడం లేదు. గమ్యాన్ని మరింత ఊరించేలా చేస్తున్నారు. త్రాసులో ఒక వైపు ప్రమాదం, ఇంకో వైపు లాభం ఉంటే, స్నేహితుడి చూపు లాభం వైపు అదనపు గుండు వేస్తుంది. పద్నాలుగు మంది, పన్నెండు మంది లాంటి చిన్న గుంపులతో చేసిన మెదడు పరిశోధన ఇదని పాఠకులు గుర్తుంచుకోవాలి. దీని ఒక్కదాని మీదే ఇల్లు కట్టలేం. అయితే మెదడును పక్కనబెట్టి ప్రవర్తననే కొలిచిన ప్రయోగాలూ ఇదే దారి చూపాయి. 2005లో మార్గో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ 306 మందితో ఇలాంటి ఆటే ఆడించారు. 13–16 ఏళ్ళవాళ్ళు స్నేహితుల మధ్య ఉన్నప్పుడు ఒంటరిగా ఉన్నప్పటికంటే దాదాపు రెట్టింపు తెగించారు. 18–22 ఏళ్ళవాళ్ళలో ఆ పెరుగుదల సగమే ఉంది. పెద్దవాళ్ళలో అసలు లేదు.

ప్రమాదం తెలియకపోవడమే కారణమైతే, ప్రమాదం ఎంతో అంకెల్లో ముందే పెట్టి ఆడిస్తే ఈ తేడా మాయమవాలి. 2014లో ఆష్లీ స్మిత్, చీన్, స్టైన్‌బర్గ్ సరిగ్గా ఆ పనే చేశారు. 15–17 ఏళ్ళ పిల్లలకు ఒక పందెం చూపిస్తారు. గెలిచే అవకాశం ఎంత, ఓడే అవకాశం ఎంత అన్నది కళ్ళెదుటే ఉంటుంది. ఆడవచ్చు, వదిలేయవచ్చు. కొందరికి, మీ ఈడువాడు ఒకడు పక్క గదిలోంచి మిమ్మల్ని చూస్తున్నాడని చెప్పారు. అతనెవరో తెలియదు, అతను రెచ్చగొట్టేదీ లేదు. అయినా ఆ మాట విన్న పిల్లలు ఎక్కువ పందేలు కాశారు. ఆ తేడా బాగా కనిపించింది ఓడే అవకాశమే ఎక్కువగా ఉన్న పందేల దగ్గర. ప్రమాదం అంకెల్లో తెలిసి కూడా ఆగలేదు, ఎవరూ ఉసిగొల్పకుండానే ముందుకు వెళ్ళారు. మనం సాధారణంగా ఊహించే 'ఒత్తిడి', అంటే చుట్టూ చేరి కానీరా కానీ అనడం, ఈ ప్రభావానికి తప్పనిసరి దినుసు కాదన్నమాట. పొగతాగితే కేన్సర్ వస్తుంది అన్న పాఠం ఎంత బాగా చెప్పినా బడి వెనక సందులో పనిచేయకపోవడానికి కారణం ఇక్కడ దొరుకుతుంది. ఆ పాఠం ప్రమాదం వైపు గుండు వేస్తోంది. సందులో గుండు పడుతున్నది రెండో వైపు.

ఇదంతా అమెరికన్ సంస్కృతి తెచ్చిన గోల కదా, అక్కడి సినిమాలూ పార్టీలూ పిల్లలకు ఇలా నేర్పాయి కదా అని ఎవరైనా అడగవచ్చు. అడగదగ్గ ప్రశ్నే. దీనికి జవాబు ఎలుకల దగ్గరనుంచి వచ్చింది. అదే టెంపుల్ విశ్వవిద్యాలయంలో చిట్టెలుకలకు మద్యం కలిపిన నీళ్ళు తాగే అవకాశమిచ్చి చూశారు. కౌమారంలో ఉన్న ఎలుకలు తోటి ఎలుకల మధ్య ఉన్నప్పుడు ఒంటరిగా ఉన్నప్పటికంటే ఎక్కువ తాగాయి. పెద్ద ఎలుకల్లో ఆ తేడా లేదు. చిట్టెలుకకు సినిమాలు లేవు, పరువూ లేదు. కనక ఈ మొగ్గులో కొంత భాగమైనా పాలిచ్చే జంతువుల పెరుగుదలలోనే ఉన్నదని అనుకోవడం న్యాయం. పిల్ల జంతువు తల్లి పక్కనుంచి కదిలి తన ఈడు గుంపులో చోటు సంపాదించుకోవలసిన దశ అది. ఆ దశలో గుంపు దగ్గరితనాన్ని తీపిగా అనిపింపజేసే మెదడు ఉన్న జంతువుకు బతుకు తేలిక. సంస్కృతి చేసేది, ఆ తీపిని దేనికి ముడిపెట్టాలో నేర్పడం. ఒకచోట సిగరెట్టుకు, ఒకచోట బైకు మీద ముగ్గురెక్కి పోవడానికి, ఇంకోచోట ఆనర్స్ గదిలోలాగా చదువుకు.

ఎవరి మాటకు ఎంత విలువ అన్నది వయసుతో ఎలా మారుతుందో లండన్ సైన్సు మ్యూజియంలో కొలిచారు. లీసా నోల్, సారా-జేన్ బ్లేక్‌మోర్ బృందం మ్యూజియం చూడవచ్చిన 8 నుంచి 59 ఏళ్ళ మధ్యవాళ్ళు 563 మందిని కూర్చోబెట్టి, రోజూ ఎదురయ్యే పనులు ఎంత ప్రమాదకరమో మార్కులు వేయమన్నారు. ఫోనులో మెసేజి కొడుతూ రోడ్డు దాటడం లాంటివి. మార్కు వేశాక, ఇదే పనికి పెద్దవాళ్ళు ఇంత వేశారనో, టీనేజివాళ్ళు ఇంత వేశారనో చూపించి, మళ్ళీ వేయమన్నారు. అన్ని వయసులవాళ్ళూ ఇతరుల మార్కువైపు కొంత జరిగారు. మనలో ఎవరూ పక్కవాళ్ళ మాటకు అతీతులం కాము. కాని దాదాపు అందరూ పెద్దల మార్కువైపు ఎక్కువ జరిగితే, 12–14 ఏళ్ళవాళ్ళు మాత్రం టీనేజి పిల్లల మార్కువైపు ఎక్కువ జరిగారు. ఆ తర్వాత ఈ వంపు తగ్గుతూ వస్తుంది. పదేళ్ళనుంచి ముప్పై ఏళ్ళదాకా వేల మందిని చూసిన స్టైన్‌బర్గ్, మోనహన్‌ల 2007 నాటి పరిశోధన ప్రకారం, తోటివాళ్ళకు ఎదురు నిలబడి తన మాట తాను చెప్పగల శక్తి ముఖ్యంగా 14కూ 18కీ మధ్య పెరుగుతుంది. మన లెక్కలో ఎనిమిదో తరగతినుంచి ఇంటర్ దాకా అనుకోండి. ఏ గ్రూపు తీసుకోవాలి, ఏ కాలేజీలో చేరాలి అన్న నిర్ణయాలను మనం పిల్లల ముందు పెట్టేది ఆ శక్తి ఇంకా ముదరని ఆ ఏళ్ళలోనే.

ఇప్పుడు ఈ రంగంలో అందరికంటే బలమైన అభ్యంతరానికి రావాలి. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారని మనవాళ్ళు అన్నారు. కాని సావాసానికి ముందే వారు వీరిలాంటివాళ్ళయి ఉంటే? సిగరెట్టు తాగే పిల్లవాడి స్నేహితులంతా సిగరెట్టు తాగేవాళ్ళే అయినంతమాత్రాన స్నేహం వల్ల అలవాటు వచ్చిందని రుజువు కాదు. అలవాటు వల్లే స్నేహం కుదిరి ఉండవచ్చు. 1978లో ప్రచురించిన పరిశోధనలో డెనిస్ కాండెల్ న్యూయార్క్ రాష్ట్రపు హైస్కూలు విద్యార్థుల స్నేహాలను విద్యాసంవత్సరం మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి నమోదుచేసి, ఏ జంటలు నిలిచాయి, ఏవి విడిపోయాయి, ఏవి కొత్తగా కలిశాయి అని చూసింది. కలవబోయేవాళ్ళ మధ్య కలవకముందే పోలికలున్నాయి. కలిసి ఉన్నవాళ్ళ మధ్య పోలికలు పెరిగాయి కూడా. ఎంపిక, ప్రభావం రెండూ దాదాపు సమానంగానే పనిచేస్తున్నాయని ఆమె తేల్చింది. కనక స్నేహితుల పోలికలను చూసి లెక్కగట్టిన ప్రభావపు అంకెలను చాలావరకు తగ్గించి చదువుకోవాలి. వార్తాపత్రికల్లో వచ్చేవి మరీను.

తగ్గించాక ఏమైనా మిగులుతుందా? ఎంపికకు చోటే లేని సందర్భాలు దొరికితే తెలుస్తుంది. హాస్టలు గదులను లాటరీతో కేటాయించే విశ్వవిద్యాలయాలు అలాంటి సందర్భాన్ని ఇచ్చాయి. మైకేల్ క్రెమర్, డాన్ లెవీ 2008లో ప్రచురించిన అధ్యయనంలో, కాలేజీకి రాకముందునుంచే తాగే అలవాటున్న గదిసహచరుడు లాటరీలో తగిలిన మగపిల్లల సగటు గ్రేడు, అలా తగలనివాళ్ళకంటే పావు పాయింటు తక్కువ ఉంది. అమ్మాయిల్లో ఆ తేడా కనిపించలేదు. ఈ దెబ్బ గట్టిగా తగిలింది, తాము కూడా అంతకుముందే తరచుగా తాగుతూ ఉన్న మగపిల్లలకు. ఇందులో రెండు సంగతులున్నాయి. ప్రభావం నిజమే, ఎంపికను పూర్తిగా తీసేసినా మిగిలింది. కాని అది ఏమీ లేనిచోట ఏదో పుట్టించే మంత్రం కాదు. లోపల ముందే ఉన్న మొగ్గును పెంచుతుంది. మావాడు బంగారం, వాడి స్నేహితులే పాడుచేశారు అనుకునే తల్లిదండ్రులకు ఈ రెండో సంగతి మింగుడుపడదు. అయినా చెప్పక తప్పదు.

స్నేహితుడి చూపు అదనపు గుండు మాత్రమే అయితే, దాన్ని మంచివైపు వేయించడం సాధ్యమా? ఇంగ్లండ్, వేల్స్‌లలో 59 పాఠశాలలు, 10,730 మంది పిల్లలతో చేసిన ప్రయోగాన్ని దీనికి వివరంగా చూడాలి. రోనా క్యాంప్‌బెల్ బృందం ఫలితాలను 2008లో లాన్సెట్ పత్రికలో ప్రచురించింది. పేరు అసిస్ట్. లక్ష్యం 12–13 ఏళ్ళవాళ్ళు సిగరెట్టు అలవాటులో పడకుండా చూడడం. మొదటి అడుగు ఎంపిక, అదే ఈ ప్రయోగపు ప్రాణం. టీచర్లను అడగలేదు. ఆ తరగతి పిల్లలందరికీ కాగితాలిచ్చి, మీరు ఎవర్ని గౌరవిస్తారు, ఎవరు నాయకుల్లా ఉంటారు, ఎవరివైపు తలెత్తి చూస్తారు అని రాయమన్నారు. ఎక్కువ పేర్లు వచ్చిన నూటికి 17 మందిని పిలిచారు. అలా వచ్చినవాళ్ళలో మొదటి బెంచీవాళ్ళతోబాటు, టీచర్లు సొంతంగా ఎన్నడూ ఎన్నుకోని పిల్లలు కూడా ఉంటారు. వాళ్ళను బడినుంచి బయటికి తీసుకువెళ్ళి, రెండు రోజులపాటు బయటి శిక్షకులు సిగరెట్టు గురించీ, మాట కలపడం గురించీ, ఎదుటివాడు చెప్పేది వినడం గురించీ నేర్పారు. ఆ తర్వాత పది వారాలు వాళ్ళు చేయవలసిందల్లా బస్సులో, భోజనాల దగ్గర, ఇంటికి నడిచేటప్పుడు తోటివాళ్ళతో సందర్భం దొరికినప్పుడు మాట్లాడడం, మాట్లాడిన విషయాన్ని డైరీలో ఒక ముక్క రాసుకోవడం. వేదిక లేదు, ఉపన్యాసం లేదు, పోస్టరు లేదు.

మామూలు పాఠాలే సాగిన బడులతో పోలిస్తే, ఈ బడుల్లో పిల్లలు పొగతాగేవాళ్ళయ్యే అవకాశాల నిష్పత్తి పది వారాలు ముగియగానే నూటికి 25 వంతులు, ఏడాదికి 23 వంతులు, రెండేళ్ళకు 15 వంతులు తక్కువగా ఉంది. పిల్లలు నిజమే చెబుతున్నారా అని చూడడానికి లాలాజల పరీక్ష కూడా పెట్టారు. ఈ అంకెలు గొప్పవి కావు, అలాగని తీసిపారేసేవీ కావు. రెండు రోజుల శిక్షణకు రెండేళ్ళ తర్వాత కూడా గుర్తు మిగిలిందంటే ఎందుకో అడగాలి. నా ఉద్దేశంలో జవాబు మెదడు ప్రయోగాల దగ్గరే ఉంది. టీచరు చెప్పిన పాఠం ప్రమాదం గురించి. తరగతిలో అందరూ తలెత్తి చూసే పిల్లవాడు సిగరెట్టు నాకు నచ్చదు అని మామూలుగా అన్న మాట ప్రతిఫలం గురించి. సిగరెట్టు ముట్టిస్తే దొరుకుతుందనుకున్న మెప్పు దొరకదని ఆ ఒక్క మాటతో తెలిసిపోతుంది. రెండో వైపున ఉన్న గుండు తేలికవుతుంది. ప్రభావం ఏడాదికేడాది తగ్గడం కూడా ఈ వివరణకు సరిపోతుంది. పదిహేనేళ్ళకు స్నేహాలు మారతాయి, గుంపులు మారతాయి, తలెత్తి చూసే ముఖాలూ మారతాయి.

ఈ సూత్రం సిగరెట్లకే పరిమితం కాదు. ఎలిజబెత్ పాలక్ బృందం అమెరికాలోని న్యూజెర్సీలో 56 మిడిల్ స్కూళ్ళలో ఇలాంటి పద్ధతినే తగువుల మీదా వేధింపుల మీదా ప్రయోగించింది. ప్రతి బడిలో ఎవరు ఎవరితో కాలం గడుపుతారో పిల్లలచేతే రాయించి స్నేహాల పటం గీశారు. లాటరీలో ఎంపికైన కొద్దిమంది పిల్లలు, తమ బడిలో ఏ గొడవలు ఇబ్బంది పెడుతున్నాయో తామే గుర్తించి, వాటికి వ్యతిరేకంగా బహిరంగంగా నిలబడ్డారు. గొడవలపై నమోదైన ఫిర్యాదులు ఏడాదిలో నూటికి 30 వంతులు తగ్గాయి. ఆ కొద్దిమందిలో పటం మీద ఎక్కువ గీతలు వచ్చి కలిసే పిల్లలు ఎంత ఎక్కువగా ఉంటే తగ్గుదల అంత ఎక్కువగా ఉంది. ఎంతమందిని కూడగట్టామన్నదానికంటే ఎవరిని కూడగట్టామన్నది పైచేయి సాధించింది.

సరే, పిల్లలను కలిపి కూర్చోబెడితే మంచి జరుగుతుందన్నమాట అనుకుంటే మాత్రం ప్రమాదం. అలా అనుకుని దెబ్బతిన్న చరిత్ర ఉంది. ఆరెగాన్‌లో థామస్ డిషన్ బృందం, దారితప్పే సూచనలున్న 11–14 ఏళ్ళ పిల్లలను చిన్న చిన్న గుంపులుగా కూర్చోబెట్టి ఆత్మనిగ్రహం, లక్ష్యాలు పెట్టుకోవడం వంటివి నేర్పింది. పాఠాలు బాగానే ఉన్నాయి, నడిపినవాళ్ళు అనుభవజ్ఞులు. మూడేళ్ళపాటు వెంట ఉండి చూస్తే, ఆ గుంపుల్లో కూర్చున్న పిల్లల్లో సిగరెట్టు వాడకం, టీచర్లు గమనించిన అల్లరి, గుంపుల్లో కూర్చోని పిల్లలకంటే పెరిగాయి. ఎలా జరిగిందో అర్థం కావడానికి అదే బృందం చేసిన ఇంకో పని ఉపయోగపడింది. 13–14 ఏళ్ళ స్నేహితుల జంటలను గదిలో కూర్చోబెట్టి ఇరవై అయిదు నిమిషాల మాటలను వీడియో తీశారు. కొన్ని జంటల్లో, ఒకడు తాను చేసిన తప్పుడు పని చెబుతాడు, రెండోవాడు నవ్వుతాడు, మొదటివాడు ఇంకోటి చెబుతాడు. మామూలు మాటలకు నవ్వు రాదు. ఇలా నవ్వు ఎవరి మధ్య ఎక్కువగా నడిచిందో వాళ్ళే తర్వాతి ఏళ్ళలో ఎక్కువ చిక్కుల్లో పడ్డారు. గుంపు నడిపే పెద్దమనిషి చెప్పేది పాఠం. పక్కవాడి పెదవి మీద మెరిసేది బహుమతి. ఒకే తరహా సమస్య ఉన్న పిల్లలను ఏరి ఒకచోట కుప్పవేస్తే ఆ బహుమతి దేనికి దొరుకుతుందో ముందే తేలిపోతుంది. అసిస్ట్‌కూ దీనికీ తేడా కార్యక్రమపు పేరులో లేదు, గదిలో ఎవరు కూర్చున్నారన్నదాంట్లో ఉంది. అటువంటి గుంపు తప్పుదారి పడుతోందని పసిగట్టడానికి పెద్ద పరికరం అక్కర్లేదు. నవ్వు ఏ మాట తర్వాత వస్తోందో ఒక అరగంట గమనిస్తే చాలు.

పోటీ పెట్టి అందరి ముందూ మెచ్చుకుంటే పిల్లలు రెచ్చి చదువుతారన్న నమ్మకానికీ ఇదే పరీక్ష పెట్టాలి. బర్స్‌టిన్, జెన్సెన్ అదే పరిశోధనలో, నూరుకు పైగా హైస్కూళ్ళలో కంప్యూటరు మీద ప్రశ్నలకు జవాబిచ్చే ఒక అభ్యాస కార్యక్రమాన్ని కూడా చూశారు. చదువులో వెనకబడినవాళ్ళ కోసం పెట్టిన తరగతులవి. ఒకరోజు హఠాత్తుగా, ఎక్కువ పాయింట్లు వచ్చిన మొదటి ముగ్గురి పేర్లు అందరికీ కనిపించే పట్టికలోకి ఎక్కడం మొదలైంది. మొత్తం మీద పిల్లల పని నూటికి 24 వంతులు పడిపోయింది. అంతవరకు ముందంజలో ఉన్నవాళ్ళ పని 40 వంతులు పడింది. వెనకబడ్డవాళ్ళది కొద్దిగా మెరుగైంది. పట్టికలోకి ఎక్కకుండా ఉండాలని ముందున్నవాళ్ళే వెనక్కి తగ్గారని తప్ప దీనికి వేరే అర్థం చెప్పడం కష్టం.

ఇక మన దగ్గరికి వస్తే, ఆంధ్రలోను, తెలంగాణలోను రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలు పిల్లలను మార్కుల వారీగా సెక్షన్లు చేస్తాయి, వారాంతపు పరీక్ష ర్యాంకులు నోటీసుబోర్డు మీద పెడతాయి. పదహారు, పదిహేడేళ్ళవాళ్ళు క్లాసూ, స్టడీ అవరూ, హాస్టలూ అంతా అదే ముఖాల మధ్య రెండేళ్ళు గడుపుతారు. లాస్ ఏంజెలెస్ అంకెలను తెచ్చి ఇక్కడ అతికించకూడదు. ఇక్కడ ర్యాంకు అంటే సిగ్గు లేదు, గౌరవం ఉంది, కనీసం పై సెక్షన్లలో. అయినా ఆ ప్రయోగం అడిగిన ప్రశ్నను ప్రతి సెక్షన్‌లోను విడిగా అడగవచ్చు. దానికి పనికొచ్చే కొలత ఒకటి ప్రతి తరగతిలో రోజూ కళ్ళ ముందే ఉంది. లెక్చరర్ పాఠం ముగించి, డౌట్లు ఉంటే అడగండి అంటారు. డౌటు అడగడం అందరికీ కనిపించే పని. పై సెక్షన్‌లో అది తెలివికి గుర్తు కావచ్చు, కింది సెక్షన్‌లో రాదన్నదానికి గుర్తు కావచ్చు, మాతృభాష మాధ్యమంనుంచి వచ్చిన పిల్లవాడికి భాష బయటపడే క్షణం కావచ్చు. లెక్చరర్ ఒక వారం చేతులెత్తించి లెక్కపెట్టుకుని, తర్వాతి వారం అదే పాఠం స్థాయికి పేరు లేని చీటీలు పెట్టెలో వేయించి లెక్కపెట్టుకోవాలి. రెండు లెక్కలూ దగ్గరదగ్గరగా ఉంటే ఆ గదిలోని కళ్ళు చదువు పక్కనే ఉన్నాయి. చేతులు మూడు, చీటీలు ముప్పై అయితే, ఆ ఇరవై ఏడు డౌట్లను మింగించినవి పాఠమూ లెక్చరరూ కాదు. అలాంటి గదిలో ముందుగా చీటీలతోనే సాగించి, అసిస్ట్‌లో చేసినట్టు ఎవరివైపు అందరూ తలెత్తి చూస్తారో పిల్లలనే అడిగి తెలుసుకుని, మొదటి చేయి ఆ పిల్లవాడిదో ఆ అమ్మాయిదో అయ్యేలా చూడవచ్చు. కొన్ని వారాలయ్యాక మళ్ళీ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టుకుంటే, చీటీలు తగ్గి చేతులు పెరిగాయో లేదో అంకెలే చెబుతాయి.